సెకండ్ హ్యాండ్ లెస్ పాల్ కొనేవాళ్ళు జాగ్రత్త: సీరియల్ నంబర్ సరిపోయినా నేను మోసపోయాను

పోయిన నెల 78 వేలు పోసి ఒక గిబ్సన్ లెస్ పాల్ స్టాండర్డ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. తీరా చూస్తే అది గిబ్సన్ కాదు. హైదరాబాద్‌లో పాత గిటార్లు వెతుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, ఫోటోల్లోనే పట్టేయాల్సిన విషయాలు నేను ఎలా వదిలేశానో పూసగుచ్చినట్టు చెబుతాను.

ప్రకటనలో చెర్రీ సన్‌బర్స్ట్ రంగు, 2012 మోడల్, "ఫారిన్ వెళ్ళిపోతున్నాను, అర్జెంట్" అని ఉంది. కొత్తది షోరూంలో రెండు లక్షల పైమాటే. నేను మరీ అమాయకుణ్ణేమీ కాదు, ముందే గిటార్ కొసన తీగలు బిగించే హెడ్‌స్టాక్ వెనకవైపు ఫోటో అడిగాను. తొమ్మిది అంకెల నంబరు, దాని కింద మేడ్ ఇన్ యు.ఎస్.ఎ. అని చెక్కలోకి అచ్చు గుద్ది ఉంది. నంబరు మొదటి ఐదు అంకెలు 10522. 2005 మధ్య నుంచి 2013 దాకా గిబ్సన్ మామూలు మోడళ్ళ లెక్క ఇలా ఉంటుంది: మొదటి అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం, మధ్యలో మూడు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. అంటే 1, 2 కలిపి 2012. 052 అంటే 52వ రోజు, ఫిబ్రవరి 21. క్యాలెండర్ తీసి చూస్తే అది మంగళవారం, ఫ్యాక్టరీ నడిచే రోజే. అక్కడితో నా అనుమానం తీరిపోయింది. ఆ మూడు అంకెల చోట 427 లాంటిది ఉంటే నకిలీ అని వెంటనే తెలిసేది. కానీ నకిలీ చేసేవాడు అసలు గిటార్ నంబరే దింపేస్తే ఈ లెక్క ఎందుకూ పనికిరాదు. కొన్నాక వెతికితే సరిగ్గా అదే నంబరుతో, తొమ్మిది అంకెలూ అవే, ఇంకో నల్ల గిటార్ ఫోటో కనిపించింది.

అమ్మేవాడు కొండాపూర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూపించాడు. ట్యూబ్‌లైట్ వెలుతురు, చేతిలో మంచి బరువు, హెడ్‌స్టాక్ మీద ముత్యపు చిప్పలా మెరిసే లోగో. పై అంచు కూడా తెరిచిన పుస్తకంలా, రెండు వంపులు మధ్యలో కలిసినట్టే ఉంది. డబ్బు ఫోన్‌లోనే కొట్టేసి ఇంటికి తెచ్చుకున్నాను.

వారం తర్వాత తీగలు నెక్ మీది లోహపు ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంటే సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గిటార్‌ను బల్ల మీద పెట్టి, హెడ్‌స్టాక్ మీదుండే గంట ఆకారపు చిన్న మూతకు రెండు స్క్రూలు విప్పారు. దాని కిందే ట్రస్ రాడ్, అంటే నెక్ వంగకుండా లోపల ఉండే ఇనుప కడ్డీ, బయటికి వస్తుంది. మూత పక్కకు తీసి ఏమీ మాట్లాడకుండా నా వైపు తిప్పారు. ఒక గుండ్రటి చిన్న కన్నం, లోపల ఆలెన్ కీ పట్టే ఆరు మూలల గుంట.

"ఇది అది కాదు తమ్ముడూ," అన్నారు. గోడకు వేలాడుతున్న ఇంకొకరి గిబ్సన్ దించి దాని మూత కూడా తీశారు. అక్కడ చెక్కను వెడల్పుగా తొలిచి ఉంది, అందులో కడ్డీ కొస మీద ఇత్తడి నట్టు కూర్చుని ఉంది. దాన్ని తిప్పాలంటే 5/16 అంగుళాల సాకెట్ కావాలి, ఆలెన్ కీ కాదు. నకిలీ గిటార్లకు మూత మీద మూడు స్క్రూలుంటాయని నేను ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్నాను. నాదానికి రెండే ఉన్నాయని లోలోపల సంతోషించాను కూడా. మూత మార్చడం ఎంతసేపు చెప్పండి! పైన పటారం, లోన లొటారం.

తర్వాత ఆయన సెల్‌ఫోన్ టార్చ్‌ను నెక్ వెనక ఏటవాలుగా పట్టారు. హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట, పాలిష్ కింద, అడ్డంగా ఒక సన్నటి తిన్నని గీత. హెడ్‌స్టాక్‌ను వేరే ముక్కగా కోసి నెక్‌కు వాలుగా అతికించారన్నమాట. గిబ్సన్‌లో నెక్, హెడ్‌స్టాక్ కలిపి వచ్చేలా కోస్తారు, వెడల్పు చాలని చోట అటూ ఇటూ చెవుల్లా చిన్న ముక్కలు అతికిస్తారు. కాబట్టి అసలుదానిలో గీతలు హెడ్‌స్టాక్ అంచుల దగ్గర నిలువుగా ఉంటాయి, నెక్ వెనక అడ్డంగా ఉండవు. ఒక్క మెలిక ఉంది. గిబ్సన్ హెడ్‌స్టాక్‌లు కింద పడితే విరుగుతాయని పేరు, అతికించినవి మార్కెట్లో చాలానే తిరుగుతుంటాయి. విరిగిన గీత చెక్క నారను బట్టి వంకరటింకరగా పోతుంది. నాది స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ముదురు చెర్రీ రంగు ఎందుకు పూశారో అప్పుడు అర్థమైంది.

నాకు ఎక్కువ మంట పుట్టించింది బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్. దాన్ని మోసే రెండు పోస్టుల పైన వెడల్పాటి స్క్రూడ్రైవర్ గాడి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆ రకం లావు పోస్టులు గిబ్సన్ వాళ్ళదే చవక బ్రాండు ఎపిఫోన్‌లోనూ, ఇలాంటి కాపీల్లోనూ ఉంటాయి. గిబ్సన్‌లో పోస్టులు సన్నగా ఉండి, కింద చేత్తో తిప్పే చక్రం ఉంటుంది. ఇది చూడటానికి ఏదీ విప్పక్కర్లేదు. ప్రకటనలో మొట్టమొదటి ఫోటోలోనే ఉంది! పెద్దది చేసి చూడలేదు, అంతే.

ఫ్రెట్ అంచులు కూడా చూడమన్నారు. 2012 నాటి గిబ్సన్‌లో నెక్ అంచు తెల్ల పట్టీ ప్రతి ఫ్రెట్ చివర చిన్న బుడిపెలా పైకి లేచి ఉండాలి. నాదానిలో ఫ్రెట్ ఆ పట్టీ మీదికి ఎక్కి ఉంది. అయితే ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఎవరినీ నకిలీ అనకండి. ఫ్రెట్లు మార్పించిన గిటార్‌కు ఆ బుడిపెలు పోతాయి, 2014 మోడళ్ళ నుంచి మామూలు గిటార్లలో గిబ్సనే మానేసింది.

ఫోటోలు అడిగేటప్పుడు మూత తీసిన ఫోటో కచ్చితంగా అడగండి. రెండు స్క్రూల పని, గిటార్‌కు ఏమీ కాదు. "వారంటీ పోతుంది" అని అమ్మినతను నాకు చెప్పిన మాటే మీకూ చెబితే నమ్మకండి. నెక్ వెనక భాగం పగటి వెలుతురులో ఏటవాలుగా, బ్రిడ్జ్ పక్క నుంచి దగ్గరగా తీయమనండి. హెడ్‌స్టాక్ ఆకారం పోల్చాలంటే ఫోన్‌ను మీద పెట్టి తీసిన ఫోటో పనికిరాదు, దగ్గర నుంచి తీస్తే అంచులు సాగి అసలుది కూడా నకిలీలా కనిపిస్తుంది. ఆరు అడుగుల దూరంలో ఎదురుగా నిలబడి జూమ్ చేసి తీయాలి.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "నేనూ అలాగే కొన్నాను భయ్యా" అన్నాడు. నిజమో అబద్ధమో, ఆ తర్వాత ఎత్తలేదు. ఆ గిటార్‌కు పన్నెండు, పదిహేను వేలు వస్తే ఎక్కువని రిపేర్ ఆయన చెప్పారు. నేను అమ్మాలనుకోవడం లేదు, అమ్మితే ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే.

నిన్న అదే కొండాపూర్ సెల్లార్, అదే గోడ వెనక కనబడుతూ ఇంకో ప్రకటన వచ్చింది. నల్ల లెస్ పాల్, ధర 82 వేలు. ఐదు ఫోటోలున్నాయి, నెక్ వెనకది ఒక్కటీ లేదు. మూడో ఫోటోను పెద్దది చేసి చూడండి, బ్రిడ్జ్ పోస్టు మీద గాడి కనబడుతుంది.