ఒకే పెద్ద వ్యాసం: న్యూస్‌లెటరా, చిన్న పోస్టులా, వీడియోనా? ఏది మేలు?

గోదావరి వరద హెచ్చరికల మీద రెండున్నర వేల మాటల వ్యాసం ఒకటి మన దగ్గర ఉందనుకుందాం. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలంటే ఏమిటి, భద్రాచలం లెక్క వేరు ధవళేశ్వరం లెక్క వేరు ఎందుకు, పైన నీళ్లు తగ్గుతున్నా కింద ఎందుకు పెరుగుతాయి, ఇవన్నీ అందులో ఉన్నాయి. వానాకాలం ముంచుకొస్తోంది. వ్యాసాన్ని చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. దాన్ని న్యూస్‌లెటర్‌గా, సోషల్ మీడియా పోస్టులుగా, వీడియో స్క్రిప్టుగా మార్చాలి. మూడింటికీ తీరిక లేకపోతే ముందు ఏది చేయాలి?

నా ఓటు న్యూస్‌లెటర్‌కే. అది గొప్పదని కాదు. వ్యాసాన్ని న్యూస్‌లెటర్‌గా కుదించేటప్పుడే అసలు విషయం ఏమిటో తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ తేలిన దాంట్లోంచి పోస్టులు, స్క్రిప్టు తీయడం సులువు. నేరుగా వ్యాసంలోంచి పోస్టులు కోస్తే ఏం జరుగుతుందో కాసేపట్లో చూద్దాం.

వ్యాసం మొత్తం మెయిల్‌లో అతికించేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి సరిపోవచ్చు, తెలుగుకి ఇక్కడో చిక్కుంది. మెయిల్ సైజు సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగం చూపించదు, కింద ఒక లింకు పెట్టి ఊరుకుంటుంది. కంప్యూటర్ లెక్కలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. మాటకి సుమారు ఎనిమిది గుర్తులు వేసుకున్నా, రెండున్నర వేల మాటలకి 60 కేబీ అయిపోయింది. పైన డిజైన్, బటన్లు, ఫుటర్ కోడ్ కలిస్తే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. కోత పడితే పోయేది చివరి భాగం. చందా మానుకునే లింకూ, మెయిల్ తెరిచారో లేదో లెక్కపెట్టే కనిపించని బొమ్మా మామూలుగా ఉండేది అక్కడే. తెరిచినవాళ్ల సంఖ్య ఉన్నట్టుండి తగ్గితే పాఠకుల్ని అనుమానించే ముందు, మెయిల్‌ని మీ జీమెయిల్‌కే పంపుకుని అడుగు దాకా చూడండి.

అందుకని నాలుగైదు వందల మాటలు, ఒకే ప్రశ్న. ఈ వ్యాసంలోంచి నేనైతే దీన్ని ఎంచుకుంటాను: ‘టీవీలో రెండో హెచ్చరిక అన్నారు, అంటే ఎంత నీరు?’ జవాబు రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. ఆ తర్వాత 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాయని చెబితే 53 ఎక్కడుందో పాఠకుడికి అందుతుంది. కాలవల చరిత్ర, కాటన్ దొర ఆనకట్ట కథ, అవన్నీ వ్యాసంలోనే ఉండనివ్వండి, కింద లింకు ఇస్తే చాలు. అంకెల్ని బొమ్మగా కాకుండా అక్షరాల్లోనే పెట్టండి, కొందరి మెయిళ్లలో బొమ్మలు తమంతట తెరుచుకోవు.

ఇక పోస్టులు. వ్యాసంలో బాగా వచ్చిన వాక్యాలు ఏరి పోస్టులు చేయడం అందరూ చేసే పని. కానీ వ్యాసంలో బలంగా ఉన్న వాక్యం తన ముందు పేరా మీద ఆనుకుని ఉంటుంది. ‘రెండో హెచ్చరిక దాటితే ఇక ఆగకూడదు’ అన్నది వ్యాసంలో భద్రాచలం గురించి. విడిగా తీసి వాట్సాప్‌లో వదిలితే కోనసీమలో ఎవరికో చేరుతుంది, ఏ ఊరి హెచ్చరికో తెలియదు. పైగా ఫార్వర్డ్ అయ్యాక దాని తేదీని ఎవరూ చూడరు. ‘ప్రస్తుతం 46 అడుగులు’ అని రాసిన పోస్టు, నది తగ్గాక కూడా స్క్రీన్‌షాట్‌గా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి మారే అంకెలు పోస్టుల్లో వద్దు, మారనివే రాయాలి. న్యూస్‌లెటర్ ముందు రాసుకుంటే ఆ వడపోత అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇలా:

‘భద్రాచలంలో 48 అడుగులంటే రెండో ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక 13.75 అడుగులకే. రెండు కొలతలు వేరు, పోల్చకూడదు. ఊరి పేరు, తేదీ లేని వరద మెసేజ్‌ని నమ్మకండి.’

ఇది ఎక్స్‌లో 280 హద్దుకి లోపే ఉంది. అక్కడ కూడా గుర్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ధవళేశ్వరం’ కంటికి అయిదు అక్షరాలే, ఎక్స్ లెక్కలో తొమ్మిది. ఒత్తులు ఎక్కువున్న వాక్యం అనుకున్నదానికంటే ముందే హద్దు తాకుతుంది.

వీడియో సంగతి వేరు. ఈ వ్యాసంలో న్యూస్‌లెటర్‌కీ పోస్టుకీ లొంగని భాగం ఒకటుంది, వీడియో దాని కోసమే చేయాలి. వ్యాసంలో అది ఇలా ఉంటుంది: ‘భద్రాచలం దిగువన కూనవరం వద్ద శబరి సంగమిస్తున్నందున, ఎగువన నీటిమట్టం తగ్గుముఖం పట్టినప్పటికీ ధవళేశ్వరం వద్ద ప్రవాహం కొంతసేపు పెరుగుతూనే ఉండవచ్చు.’ కంటితో చదివితే ఫర్వాలేదు. చెవితో వింటే సగంలోనే జారిపోతుంది, వినేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడు కదా. స్క్రిప్టులో అదే సంగతి ఇలా రాయాలి:

‘భద్రాచలంలో నీళ్లు తగ్గాయి. మంచిదే. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? కిందికే వస్తున్నాయి. దారిలో కూనవరం దగ్గర శబరి కూడా వచ్చి కలుస్తుంది. అందుకే అక్కడ తగ్గిందన్న కబురు విని ఇక్కడ ధైర్యం తెచ్చుకోకూడదు.’

పేజీని నిలువుగా రెండుగా గీసుకుని, ఒకవైపు ఈ మాటలు, రెండోవైపు తెర మీద ఏం కనిపించాలో రాసుకోండి. ‘కూనవరం’ అన్న మాట దగ్గర మ్యాపులో శబరి గీత వచ్చి కలవాలి. రెండోవైపు ఖాళీగా మిగిలిన చోట్ల మీ ముఖం తప్ప చూపించేదేమీ లేదన్నమాట. అలాంటి ఖాళీలు సగానికి మించితే ఆ విషయం వీడియోకి పనికిరాదు. హెచ్చరికల అంకెలు అలాంటివే. ఆరు అంకెలు వరసగా చదివితే ఎవరికీ గుర్తుండవు, ఒకటి పలికి మిగతావి తెర మీద వదిలేయాలి.

నిమిషానికి వంద, నూట ఇరవై మాటల వేగంతో మాట్లాడితే మొత్తం వ్యాసానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. శబరి ముచ్చట ఒక్కటే అయితే రెండు నిమిషాల్లో ముగుస్తుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో మూడు నిమిషాల దాకా వెసులుబాటు ఉంది కాబట్టి నిలువు వీడియోగానే చేసేయొచ్చు.

శ్రమతో పాటు తూచాల్సింది ఇంకొకటి ఉంది: తప్పు దొర్లితే దిద్దుకోగలమా? వ్యాసంలో అంకె మార్చడం నిమిషం పని. పంపిన మెయిల్ వెనక్కి రాదు, సవరణ అంటూ ఇంకోటి పంపాలి. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియోని అదే లింకు మీద మార్చలేం, ముక్క కోయడమో, కింద వివరణలో రాయడమో తప్ప. ఫార్వర్డ్ అయిపోయిన పోస్టు మీద మనకి ఏ అధికారమూ ఉండదు. వరదల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అంకెల్ని ఇంకో మనిషి చేత సరిచూపించే పని న్యూస్‌లెటర్ పంపక ముందే అయిపోవాలి, ఆ సరిచూసిన ప్రతిలోంచే మిగతా రెండూ తీయాలి.

ఒక్క సందర్భంలో నా ఓటు మారుతుంది. మీ పాఠకులు నదీ తీరపు ఊళ్లలో ఉండి, మెయిల్ అంటే బ్యాంకు మెసేజ్‌ల పెట్టె అనుకునేవాళ్లయితే న్యూస్‌లెటర్ వాళ్లకి చేరదు. అప్పుడు కూడా ఆ నాలుగైదు వందల మాటలు రాయండి, కాకపోతే వాట్సాప్ ఛానల్‌లో పెట్టండి. అక్కడ పొడుగు మెసేజ్‌లో మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఊరి పేరు, తేదీ, మూడు అంకెలు ఆ మొదటి పంక్తుల్లోనే పడాలి.