విటమిన్ డి 60 వేలు: సాచెట్టా, క్యాప్సూలా?

ముందు బలం చూడండి. సాచెట్ మీద "ప్రతి 1 గ్రాము సాచెట్‌లో కోలెకాల్సిఫెరాల్ 60,000 ఐయూ" అని ఉంటే, ఆ గ్రాము పొడి బరువు మాత్రమే. అందులో మందు, అంటే విటమిన్ డి3, 1.5 మిల్లీగ్రాములే. క్యాప్సూల్ మీద కూడా 60,000 ఐయూ అనే ఉంటే డోసు ఒకటే, తేడా రూపంలోనే.

సాచెట్: పాలలోనో నీళ్లలోనో కలిపి తాగాలి. మింగడం కష్టమైన పెద్దవాళ్లకు హాయి. చాలావాటిలో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు లేబుల్ చూడాలి.

సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్: భోజనం తర్వాత మింగేస్తే సరి. పైతొడుగు తరచుగా జంతు జెలటిన్, శాకాహారులు అడిగి కొనాలి.

ధర తేడా చూసేటప్పుడు ఒక్కో డోసుకు ఎంత పడుతుందో లెక్కేయండి.

అసలు రిస్క్ క్యాప్సూల్‌దే అని నా అభిప్రాయం. నాలుగు క్యాప్సూళ్ల స్ట్రిప్ అంటే వారానికొకటి చొప్పున నాలుగు వారాలకు. బీపీ మాత్రలతో కలిపి రోజూ వేసుకుంటే నాలుగు రోజుల్లోనే 2,40,000 ఐయూ! అలా కొనసాగితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం రావచ్చు. రోజూ వేసుకునే 1,000, 2,000 ఐయూ మాత్రలు వేరు. ప్యాక్ మీద చాలాసార్లు "డాక్టర్ చెప్పినట్టు" అనే ఉంటుంది. అందుకే చీటీలోని వారాన్ని, ఆపాల్సిన తేదీని స్ట్రిప్ మీదే రాయించుకోండి.

మింగలేనివాళ్లకు, జెలటిన్ వద్దనుకునేవాళ్లకు సాచెట్. ప్రయాణాల్లో ఉండేవాళ్లకు, చక్కెర వద్దనుకునేవాళ్లకు క్యాప్సూల్. కిడ్నీలో రాళ్లుంటే డాక్టర్‌ని అడగకుండా రెండూ వద్దు.