పోర్టు 443 మీద టీసీపీ వీపీఎన్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఓపెన్‌వీపీఎన్‌ని నేను చాలాకాలంగా రెండు రకాలుగానూ వాడుతున్నాను. ఆఫీసువాళ్లు ఇచ్చిన ప్రొఫైల్ టీసీపీ, పోర్టు 443. నా సొంత పనులకి ముంబైలో అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీద పెట్టుకున్నది యూడీపీ, పోర్టు 1194. సాఫ్ట్‌వేర్ ఒకటే, ల్యాప్‌టాప్ ఒకటే, రాజమండ్రిలో మా ఇంటికొచ్చే ఇంటర్నెట్ లైనూ ఒకటే. అయినా సాయంత్రం ఏడు దాటితే ఈ రెండింటికీ పొంతన ఉండదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. వేరే దారి లేనప్పుడు టీసీపీ మోడ్ పనికొస్తుంది, రోజూ వాడుకోవడానికి మాత్రం వద్దు. సాఫ్ట్‌వేర్‌ని తప్పుపట్టడం లేదు. దీన్ని యూడీపీకి తగ్గట్టు తయారుచేశామని, యూడీపీ కుదరని చోట్ల కోసమే టీసీపీ ఇచ్చామని ఓపెన్‌వీపీఎన్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. చిక్కంతా ఆ ముక్క చదవకుండా టీసీపీనే అందరికీ పంచేసే చోట వస్తుంది. మా ఆఫీసు నెట్‌వర్క్ ఆయన్ని అడిగితే, "యూడీపీలో ప్యాకెట్లు పోతాయండీ, టీసీపీ అయితే ఒక్కటి కూడా పోదు" అన్నారు. ఆ మాట నిజమే, పోయిన ప్యాకెట్‌ని టీసీపీ మళ్లీ పంపుతుంది, యూడీపీ పంపదు. కష్టాలు మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే.

పొద్దున లైను శుభ్రంగా ఉన్నప్పుడు తేడా కనిపించదు. ఫైళ్లు దిగుతాయి, టెర్మినల్ చకచకా నడుస్తుంది. సాయంత్రం లైను మీద వందకి ఒకటో రెండో ప్యాకెట్లు పోవడం మొదలయ్యాక అసలు రంగు బయటపడుతుంది. టెర్మినల్‌లో ఒక కమాండ్ టైప్ చేస్తే ఒక్క అక్షరమూ కనపడదు, రెండు మూడు సెకన్లయ్యాక మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మీటింగ్‌లో గొంతు ఆగిపోయి, తర్వాత గబగబా పరిగెడుతుంది. ఫైలు కాపీ స్పీడు సున్నాకి పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. అదే నిమిషంలో వీపీఎన్ తీసేసి చూస్తే నెట్ బాగానే ఉంటుంది. అందుకే చాలామంది సర్వర్ మీద లోడ్ ఎక్కువైందనుకుంటారు.

రోగం ఇదేనని గుర్తుపట్టడానికి వీపీఎన్ వేసిన దారి, అంటే టన్నెల్ లోపలి నుంచి పింగ్ చేసి చూస్తే చాలు. నాకు మళ్లీ మళ్లీ కనిపించే వరస ఇలా ఉంటుంది:

```
icmp_seq=41 time=43.1 ms
icmp_seq=42 time=3127 ms
icmp_seq=43 time=2125 ms
icmp_seq=44 time=1124 ms
icmp_seq=45 time=122 ms
icmp_seq=46 time=42.8 ms
```

అంకెలు ఒక్కో సెకను చొప్పున దిగుతున్నాయి చూడండి. పింగ్ సెకనుకొకటి వెళ్తుంది కాబట్టి దీని అర్థం ఒకటే. 42 నుంచి 45 దాకా నాలుగూ ఒకేచోట ఇరుక్కుపోయి, ఒకే క్షణంలో విడుదలయ్యాయి. ఒక్కటీ పోలేదు, లాస్ సున్నా. నెట్ నెమ్మదిగా ఉండటం వేరు, ఇది వేరు. యూడీపీ టన్నెల్‌లో అదే సమయంలో పింగ్ చేస్తే మధ్యలో ఒకటి పోతుంది, మిగతావి మామూలుగా 43 మిల్లీసెకన్ల దగ్గరే ఉంటాయి. నా దృష్టిలో ఆ ఒక్కటి పోవడమే ఆరోగ్యం.

ఎందుకిలా అవుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను. రెండు టీసీపీలు ఒకదానిలో ఒకటి ఉన్నాయి. లోపల నా ఫైలు కాపీది ఒకటి, బయట టన్నెల్‌ది ఇంకొకటి. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపడం తన పనే అని రెండూ అనుకుంటాయి, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. మా ఇంటి నుంచి ముంబై సర్వర్‌కి పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. లినక్స్‌లో టీసీపీ జవాబు రాకపోతే ఎంతసేపు ఆగి మళ్లీ పంపాలన్నది ఆ ప్రయాణ సమయానికి కనీసం 200 కలిపి లెక్కేస్తుంది, అంటే సుమారు 240. రెండోసారీ జవాబు రాకపోతే దానికి రెట్టింపు ఆగుతుంది, తర్వాత మళ్లీ రెట్టింపు.

ఇప్పుడు లైను 0.8 సెకను పాటు పూర్తిగా పడిపోయిందనుకోండి. బయటి టీసీపీ 240 దగ్గర మళ్లీ పంపింది, పోయింది. ఇంకో 480 ఆగి, 720 దగ్గర పంపింది, అదీ పోయింది. ఇక 960 ఆగాలి కాబట్టి తర్వాతి ప్రయత్నం 1680 దగ్గర. లైను 800కే బాగుపడింది. అయినా దాదాపు 0.9 సెకను పాటు బాగున్న లైను మీద టన్నెల్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ టన్నెల్‌లో ఉన్నవన్నీ, ప్యాకెట్ పోగొట్టుకున్నవీ పోగొట్టుకోనివీ, దానితోపాటు ఆగాల్సిందే. టీసీపీ వరస తప్పించి ఏదీ అప్పజెప్పదు కదా. రైల్వే గేటు పడ్డప్పుడు లారీ వెనకాల అంబులెన్స్ నిలబడ్డట్టు, ఫైలు కాపీ వెనకాల మీటింగ్ గొంతూ, డీఎన్ఎస్ ప్రశ్నా నిలబడతాయి.

ఈలోగా లోపలి టీసీపీ ఊరికే ఉండదు. దాని గడియారమూ ఇంచుమించు 245 మిల్లీసెకన్లదే. జవాబు రాలేదు కాబట్టి ప్యాకెట్ పోయిందనుకుని ఒక కాపీ పంపుతుంది, 735 దగ్గర ఇంకోటి. నిజానికి అసలు ప్యాకెట్ ఎక్కడికీ పోలేదు, బయటి టీసీపీ బఫర్‌లో భద్రంగా ఉంది. ఈ కాపీలు కూడా అదే బఫర్‌లో దాని వెనకాల చేరతాయి. బయటి టీసీపీ దేన్నీ పారేయదు కాబట్టి, అక్కర్లేని ఆ కాపీలన్నీ కూడా అవతలికి చేరాల్సిందే. బ్రౌజర్ ఇరవై కనెక్షన్లు తెరిచి ఉంటే ఇరవైకీ ఇదే కథ. పైగా లోపలివన్నీ దారిలో రద్దీ ఉందని నమ్మి తమ స్పీడు అడుగుకి దించేసుకుంటాయి. గేటు లేచాక మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. యూడీపీ టన్నెల్‌లో కూడా ఆ 0.8 సెకనులో ప్యాకెట్ పోగొట్టుకున్న టీసీపీ కనెక్షన్ తన గడియారం ప్రకారం 1.7 సెకన్ల దాకా ఆగొచ్చు. తేడా ఏమిటంటే అది ఒక్కటే ఆగుతుంది. కాల్ 800 దగ్గరే మళ్లీ వినపడుతుంది, కొత్తగా తెరిచిన పేజీ వెంటనే కదులుతుంది, బఫర్‌లో కాపీల గుట్ట ఉండదు.

ఒకటి రెండు సెకన్ల అంతరాయం అయితే ఇంతటితో సర్దుకుంటుంది. లాస్ నిమిషాల తరబడి సాగితేనే అసలు మెల్ట్‌డౌన్, అంటే టన్నెల్ పూర్తిగా కుప్పకూలడం. ప్రతి లాస్‌కీ బయటి టీసీపీ తన స్పీడు తగ్గించుకుంటూ పోతుంది. లోపలివాటికి ఆ లాస్ కనపడదు, ఆలస్యం మాత్రమే కనపడుతుంది. అవి పోసే వేగం కంటే బయటిది తోడే వేగం తక్కువైపోతుంది, క్యూ పెరుగుతుంది, క్యూ పెరిగితే ఆలస్యం, ఆలస్యానికి మళ్లీ కాపీలు. ఓపెన్‌వీపీఎన్ సర్వర్‌లో `tcp-queue-limit` అని ఒక హద్దు ఉంది, డిఫాల్ట్‌గా ఒక్కో క్లయింట్‌కి 64 ప్యాకెట్లు. అది నిండితే సర్వరే ప్యాకెట్లు పారేయడం మొదలుపెడుతుంది. అప్పుడు లాగ్‌లో ఈ లైను కనిపిస్తుంది:

```
MULTI: packet dropped due to output saturation
```

ఇది చూసి ఆ హద్దుని 64 నుంచి వెయ్యికి పెంచేవాళ్లున్నారు. పెంచితే లాగ్‌లో ఆ లైను పోతుంది కానీ క్యూ ఇంకా పొడుగై ఆలస్యం మరింత పెరుగుతుంది. నేనైతే దాని జోలికి పోను.

బయటి టీసీపీ పరిస్థితి నేరుగా చూడాలంటే `ss -ti dst` అని, దాని పక్కన టన్నెల్ సర్వర్ అడ్రస్ ఇచ్చి కొట్టాలి. బాగున్నప్పుడు `rto:240` అలా ఉంటుంది. ఇరుక్కున్న క్షణంలో పట్టుకుంటే ఇలా కనిపిస్తుంది (కొన్ని అంకెలు వదిలేశాను):

```
cubic rto:1920 backoff:3 rtt:41.8/2.1 cwnd:1 retrans:1/57
```

`backoff:3` అంటే మూడుసార్లు రెట్టింపయింది. 240ని మూడుసార్లు రెట్టిస్తే 1920. `rtt` ఇంకా 41.8 దగ్గరే ఉంది, అంటే దారి పొడవు మారలేదు, టన్నెల్ గడియారం కోసం కాచుక్కూర్చుంది. సర్వర్ వాళ్లతో వాదించాల్సి వచ్చినప్పుడు ఈ ఒక్క లైను చాలా పనిచేసింది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఓలాఫ్ టిట్జ్ 2001లోనే దీని గురించి రాశాడు. అప్పట్లో ఎస్ఎస్‌హెచ్ మీద పీపీపీ నడిపి ఇదే అవస్థ పడ్డారు. అప్పటితో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి మెరుగే. ఈనాటి లినక్స్ కెర్నల్ చాలా లాస్‌లని గడియారం దాకా పోనివ్వకుండా ఒకటి రెండు ప్రయాణాల సమయంలోనే పట్టేస్తుంది, కాపీ అనవసరంగా పంపానని గ్రహించి స్పీడు వెనక్కి తెచ్చుకోగలదు కూడా. అందుకే పూర్తి మెల్ట్‌డౌన్ నాకు అరుదుగానే కనిపించింది. రోజూ ఏడిపించేది ఆ ఆగి ఆగి కదలడమే, దానికి మాత్రం కెర్నల్ దగ్గర మందు లేదు. ఫైబర్ లైను, లాస్ లేని దారి ఉన్నవాళ్లకి ఇదంతా అతిగా అనిపించొచ్చు. వాళ్ల వరకు టీసీపీ మోడ్ బాగానే నడుస్తుంది.

యూడీపీకీ దాని గొడవలు దానికున్నాయి. ఇంటి రౌటర్ కాసేపు ట్రాఫిక్ కనపడకపోతే యూడీపీ దారి మూసేస్తుంది, అందుకే `keepalive 10 60` తప్పనిసరి. కొన్ని లైన్ల మీద పెద్ద ప్యాకెట్లు దాటవు, లాగిన్ అవుతుంది కానీ పేజీలు సగంలో ఆగుతాయి. నాకు `mssfix 1360` పెట్టి ప్యాకెట్ల సైజు తగ్గించాక అది పోయింది. హోటళ్లలో, కాలేజీ వైఫైలలో యూడీపీ అసలు వెళ్లనివ్వరు. 443 టీసీపీ ప్రొఫైల్ పుట్టిందే అలాంటి చోట్ల కోసం.

ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ కూడా ఇంతేనా అని తరచూ అడుగుతుంటారు. `ssh -L` అలా కాదు. అది లోపలి టీసీపీని ఈ చివర ముగించి, బైట్లు మాత్రమే మోసి, ఆ చివర కొత్త కనెక్షన్ తెరుస్తుంది. మళ్లీ పంపే బాధ్యత దారిలో ఒక్కరిదే, కాపీల గుట్ట ఏర్పడదు. గేటు దగ్గర వరసగా ఆగడం మాత్రం దానికీ ఉంది. `sshuttle`ది కూడా ఇదే పద్ధతి. టన్ ఇంటర్‌ఫేస్ పెట్టే `ssh -w` మాత్రం అచ్చంగా టీసీపీ మీద టీసీపీయే.

నా సర్వర్‌లో ఇప్పుడు రెండు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి, ఒకటి యూడీపీకి, ఒకటి టీసీపీకి. క్లయింట్ ఫైల్‌లో వరస ఇది:

```
remote vpn.example.com 1194 udp
remote vpn.example.com 443 tcp-client
server-poll-timeout 5
```

ముందు యూడీపీ ప్రయత్నిస్తుంది, ఐదు సెకన్లలో జవాబు రాకపోతే టీసీపీకి మారుతుంది. ఆ చివరి లైను లేకపోతే డిఫాల్ట్ 120 సెకన్లు, హోటల్ రూములో రెండు నిమిషాలు తెర చూస్తూ కూర్చోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకసారి టీసీపీకి మారాక, ఆ కనెక్షన్ తెగేదాకా యూడీపీకి తనంతట తాను తిరిగి రాదు. అందుకని హోటల్ వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినప్పుడల్లా వీపీఎన్ ఆపి మళ్లీ కనెక్ట్ చేస్తాను. టీసీపీలో ఉండక తప్పని రోజున మీటింగ్‌ని టన్నెల్ బయట నుంచి తీసుకుంటాను. ఆఫీసు సబ్‌నెట్‌కి మాత్రమే రూట్ ఇచ్చి, మిగతాదంతా నేరుగా పోనిస్తాను.