జీబోర్డులో తెలుగు: వత్తు ముందు, గుడి తర్వాత (చాలాకాలం వాడాక సమీక్ష)

ఊరి వాట్సాప్ గ్రూపులు చూస్తే ‘పశ్చిమ గోదావరి’ అన్న మాట నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. పశిచమ, పచ్చిమ, పశి అని రాసి పక్కన పొల్లు వేలాడుతున్నది కూడా. కాగితం మీద తప్పు లేకుండా రాసేవాళ్లే ఫోనులో ఇలా రాస్తున్నారు. గూగుల్ వాళ్ల ఫోను కీబోర్డు జీబోర్డులో తెలుగును చాలాకాలం వాడాక తేలిందేమిటంటే, ఈ తప్పుల్లో ఎక్కువ భాగానికి కారణం ఒక్కటే: చెయ్యి రాసే వరుస వేరు, ఫోను దాచుకునే వరుస వేరు. ఆ తేడా తెలిస్తే కీబోర్డు బాగా పనిచేస్తుంది. తెలియకపోతే ఎంత మంచి కీబోర్డయినా సతాయిస్తుంది.

ముందు అమరిక సంగతి. ఫోను సెట్టింగుల్లో వెతుక్కోవడం కంటే కీబోర్డు నుంచే వెళ్లడం తేలిక, ఎందుకంటే సెట్టింగుల దారి ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కోలా ఉంటుంది. మెసేజ్ రాసే చోట నొక్కి కీబోర్డు పైకి రాగానే, దాని పైవరుసలో ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కండి. అది కనపడకపోతే అదే వరుసలో ఉన్న నాలుగు గళ్ల గుర్తు లోపల ఉంటుంది. అక్కడ Languages, తర్వాత Add keyboard, అందులో Telugu. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తెలుగు కింద ఒకటి కాదు, చాలా పద్ధతులు చూపిస్తుంది. నేరుగా తెలుగు అక్షరాల మీటలున్నది ఒకటి, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చేది abc → తెలుగు అని ఇంకొకటి, వేలితో రాసేది మరొకటి. చాలామంది abc ఒక్కటే టిక్కు పెట్టి Done నొక్కేస్తారు. మొదటి రెండూ టిక్కు పెట్టుకోండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

భాష మార్చడానికి స్పేస్ పక్కన భూగోళం గుర్తు ఉంటుంది. ఒకసారి తాకితే మారుతుంది. ఆ గుర్తు లేకపోతే అవే సెట్టింగుల్లో Preferences లోకి వెళ్లి Show language switch key ఆన్ చెయ్యాలి. స్పేస్ మీటను నొక్కి పట్టుకుంటే ఉన్న భాషలన్నీ జాబితాగా వస్తాయి, కావలసినదాన్ని నేరుగా ఎంచుకోవచ్చు. ప్రస్తుతం ఏ భాషలో ఉన్నారో స్పేస్ మీట మీదే రాసి ఉంటుంది. కొట్టడం మొదలెట్టేముందు అటు ఒక చూపు వేసే అలవాటు చేసుకుంటే సగం తిప్పలు తగ్గుతాయి. హిందీ, తమిళం అంటూ వాడని భాషలు జాబితాలో ఉంచకండి. ఇంగ్లీషు, తెలుగు రెండు పద్ధతులు, మొత్తం మూడు చాలు. స్పేస్ మీద వేలు పక్కకి జరిపితే జీబోర్డులో కర్సరు కదులుతుంది. శాంసంగ్ సొంత కీబోర్డులో అదే పనికి భాష మారుతుంది. ఒకదానికి అలవాటు పడి రెండోదానికి వెళ్లినవాళ్లకు కొన్నాళ్లు తికమక తప్పదు.

ఇక అసలు విషయం. ‘పశ్చిమ’ను కాగితం మీద ఎలా రాస్తాం? ప రాసి, శ రాసి, శ తలమీద గుడి పెట్టి, చివరగా కింద చ వత్తు పెడతాం. గుడి ముందు, వత్తు తర్వాత. అదే వరుసలో ఫోనులో శ కొట్టి, గుడి పెట్టి, పొల్లు నొక్కి, చ కొడితే అక్షరం కలవదు. గుడి పెట్టగానే ఆ అక్షరం పూర్తయిందని ఫోను లెక్క. దాని తర్వాత వచ్చిన పొల్లుకు అంటుకునేందుకు హల్లు లేదు. అందుకే అది విడిగా నిలబడుతుంది, లేదా చుక్కల వలయంతో కనిపిస్తుంది. చుక్కల వలయం కనిపించిందంటే ఫాంటు లోపం కాదు, వరుస తప్పిందని అర్థం.

సరైన వరుస ఇది:

```
ప   శ  ్  చ  ి   మ
```

శ, పొల్లు, చ, ఆ తర్వాత గుడి. గుడి చివర కొట్టినా తెర మీద మాత్రం అది వెళ్లి శ తలమీదే కూర్చుంటుంది. చూపించే పని ఫాంటుది, వరుస చెప్పే పని మనది. గుర్తుపెట్టుకోవడానికి బడిలో నేర్చుకున్న పలుకుబడే చాలు: శ కింద చ వత్తిస్తే శ్చ, దానికి గుడిస్తే శ్చి. చెయ్యి ఎలా రాస్తుందో మర్చిపోయి నోరు ఎలా పలుకుతుందో అలా కొట్టాలి.

క్రావడి దగ్గర ఇంకో రకం తప్పు వస్తుంది. ‘ప్ర’లో క్రావడి గీత ప కి ఎడమవైపు నుంచి చుట్టుకుని కనిపిస్తుంది కాబట్టి ముందు ర కొట్టాలేమో అనిపిస్తుంది. అలా కొడితే వచ్చేది ర్ప. ప్రమాదం కాస్తా ర్పమాదం అవుతుంది. ఇక్కడా నోటి వరుసే: ప, పొల్లు, ర. ‘సూర్య’లో ర ముందు పలుకుతాం కాబట్టి ర, పొల్లు, య. మూడు హల్లులున్నా సూత్రం మారదు. ‘స్త్రీ’కి స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. మధ్యలో త, పొల్లు జారిపోతే వచ్చేది స్రీ, అది వేరే మాట.

డెల్టాలో పెద్ద పరీక్ష పెట్టే పేరు ద్రాక్షారామం. ద, పొల్లు, ర, దీర్ఘం. క, పొల్లు, ష, దీర్ఘం. ర, దీర్ఘం. మ, సున్న. కళ్లకు నాలుగు అక్షరాలే, ఫోను లెక్కలో 12. కొన్ని కీబోర్డుల్లో క్ష కి నేరుగా ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కినా లోపల చేరేవి ఆ మూడే: క, పొల్లు, ష.

ఈ 12 లెక్క తెలిస్తే దిద్దుబాటు కూడా తేలికవుతుంది. వెనక్కి చెరిపే మీట మొత్తం అక్షరాన్ని చెరపదు, కొట్టినవాటిని ఒక్కొక్కటిగా తీస్తుంది. ద్రాకషారామం అని పొల్లు మర్చిపోయారనుకోండి. అంతా చెరపక్కర్లేదు. కర్సరును క కి, షా కి మధ్య పెట్టి పొల్లు ఒక్కటి నొక్కితే రెండూ కలిసి క్షా అయిపోతాయి. కలిసిపోయినదాన్ని విడదీయాలంటే మాత్రం మధ్యలోకి కర్సరు వెళ్లదు. క్షా తర్వాత పెట్టి మూడుసార్లు చెరిపితే దీర్ఘం, ష, పొల్లు పోయి క మిగులుతుంది. అక్కడి నుంచి మళ్లీ కొట్టాలి. ఒకసారి చెరపగానే అక్షరం ఆకారం వింతగా మారిందని కంగారు పడి మీటను పట్టుకు కూర్చుంటే పక్క మాటలు కూడా పోతాయి.

abc → తెలుగు పద్ధతిలో ఈ వరుసల బాధ లేదు. నోటి మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పై పట్టీలో తెలుగు మాటలు సూచిస్తుంది, స్పేస్ నొక్కితే మొదటిది చేరిపోతుంది. పిచ్చాపాటీకి ఇంతకన్నా వేగమైనది లేదు. దాని లోపమూ ఆ స్పేస్ దగ్గరే ఉంది. ఈ పద్ధతి ఊహించి ఇస్తుంది. ఇంగ్లీషులో n ఒక్కటే, మనకు న, ణ ఉన్నాయి. l ఒక్కటే, మనకు ల, ళ ఉన్నాయి. త, ట సంగతీ అంతే. పెద్దక్షరం కొడితే ణ వస్తుందన్న పాత కంప్యూటర్ టైపింగు లెక్క ఇక్కడ నమ్ముకోవద్దు. స్పేస్ నొక్కేముందు పట్టీ చూడాలి, కావలసినది మొదట లేకపోతే పట్టీని విప్పి వెతకాలి. ఒకసారి తప్పు మాటను ఒప్పుకుంటే అదే మళ్లీ ముందుకొస్తుంది. అలాంటప్పుడు సూచనను నొక్కి పట్టుకుని చెత్తబుట్ట గుర్తు మీదకు లాగితే పోతుంది.

‘కృష్ణ’ దగ్గర ఈ ఊహ బాగా దెబ్బకొడుతుంది. కృ అంటే క కి వట్రుసుడి, అందులో పొల్లూ లేదు, ర కూడా లేదు. క్రిష్ణ, క్రుష్ణ అని చేరినా చదివేవాళ్లకు అర్థమవుతుంది గానీ ఫోనుకు అవి మూడు వేరు వేరు మాటలు. కాంటాక్టుల్లో ఒకలా దాచి ఇంకోలా వెతికితే దొరకదు. సున్న, విసర్గ కూడా ఇలాంటివే. నిండుసున్న బదులు తెలుగు అంకెల్లోని సున్నా పడితే కంటికి తేడా తెలియదు, వెతుకులాటలో దొరకదు. దుఃఖంలో విసర్గ బదులు కోలన్ పెట్టినా అంతే. కాబట్టి పేర్లు, జాబితాలు, పంచాయతీ నోటీసు లాంటివి నేరుగా తెలుగు మీటలతోనే కొట్టాలన్నది ఈ సమీక్ష ఖచ్చితంగా చెప్పే మాట. అందుకే మొదట్లో రెండూ టిక్కు పెట్టమన్నది.

ఉదాహరణకు వరదల వేళ పంపే ఈ మెసేజ్ చూడండి: ‘ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక.’ లంక గ్రామాల్లో నెట్ సరిగ్గా అందనప్పుడు దీన్ని మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపాల్సి వస్తుంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు ఉన్నప్పుడు 70 మాత్రమే. పొల్లు, గుడి, సున్న, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కే. పై మెసేజ్ 63. ఇంకో రెండు మాటలు కలిపితే 70 దాటి రెండు ఎస్సెమ్మెస్‌లవుతుంది. ఇందులో ళే ను లే గా, ట్ట ను త్త గా abc ఊహిస్తే ఊరి పేరూ మారుతుంది, మట్టమూ మారుతుంది. తెలుగు మీటలతో కొడితే ఆ భయం లేదు. అంకెల కోసం భాష మార్చక్కర్లేదు, ?123 మీటలో ఉంటాయి.

పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలకు ‘లో’, ‘కి’ చేర్చడం మాత్రం జీబోర్డులో ఇప్పటికీ చిరాకే. ‘ఫోన్’ తర్వాత ‘లో’ కొడితే న కింద ల వత్తు చేరి ఫోన్లో అవుతుంది. కలవకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి కావాలి, యూనికోడులో దాని సంఖ్య U+200C. తరచూ వాడే మాటలైతే ఆ గుర్తుతో సరిగ్గా రాసి ఉన్నచోటి నుంచి కాపీ చేసి, జీబోర్డు సెట్టింగుల్లో Dictionary, అందులో Personal dictionary లో తెలుగు కింద ఒక పొట్టి మాటతో దాచుకోండి. ఆ పొట్టి మాట కొడితే పూర్తి మాట సూచనగా వస్తుంది. లేదంటే మన నోటి అలవాటునే వాడుకోవచ్చు: ఫోనులో, బస్సులో, స్కూలుకి. ఉకారం చేరితే పొల్లే ఉండదు.

పెద్దవాళ్లకు మూడో పద్ధతి, వేలితో రాసేది పెట్టి ఇవ్వండి. అక్కడ గుడి ముందు పెట్టి వత్తు తర్వాత పెట్టినా ఇబ్బంది లేదు, ఆకారాన్ని చూసి వరుస అదే సర్దుకుంటుంది. నెమ్మది, అంతే.