పల్లవి, చరణాల పాటా? మాటల్లేని పోస్ట్-రాకా?

అనంతపురం కాలేజీ వేదికలెక్కే బ్యాండ్లు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

బిగువు: పాటలో పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ పెరిగిన బిగువు సడలిపోతుంది. పోస్ట్-రాక్ అనే ఈ గిటార్ల సంగీతంలో ఒకే స్వరాల వరుస తిరుగుతూ ఉంటే, దాని మీద పొరలు పేరుకుంటాయి. అందుకే పల్లవిని వదిలేస్తారు. గొంతు వినపడగానే చెవి దాని వెంటే పోయి గిటార్లు వెనకబడతాయి కాబట్టి, మాటలూ తరచుగా ఉండవు. స్కాట్లాండ్ బ్యాండ్ మొగ్వాయ్ లాంటివాళ్లు అప్పుడప్పుడు పాడతారు, అది వేరే సంగతి.

శ్రమ: పాటకు సాహిత్యం, మంచి గాయకుడు కావాలి. పోస్ట్-రాక్‌కు ఓపిక కావాలి. ఉదాహరణకు, నిమిషానికి 120 బీట్లు, బార్‌కు నాలుగు బీట్ల లెక్కన ఎనిమిది నిమిషాలంటే 240 బార్లు. మొదటి 64 బార్లు ఒక్క గిటారే, డిలే 375 మిల్లీసెకన్లు. తర్వాతి 64లో బేస్, సింబల్స్. ఆ తర్వాత 64లో పూర్తి డ్రమ్స్, రెండో గిటార్. డిస్టార్షన్ చివరి 48కే.

రిస్క్: పాటలో గాయకుడు శ్రుతి తప్పితే అందరికీ తెలిసిపోతుంది. పోస్ట్-రాక్‌లో డ్రమ్మర్ సగంలోనే గట్టిగా కొట్టేస్తే చివర్లో పెంచడానికేమీ మిగలదు. మెల్లని మొదలు విని సౌండ్ మనిషి ఫేడర్ పెంచినా అంతే, ఆఖర్న స్పీకర్లు బొంగురుపోతాయి. అందుకే సౌండ్ చెక్ చివరి 48 బార్లతోనే చేయాలి.

పది నిమిషాల పోటీ, కేకలేసే జనం ఉంటే పాటే మేలు. గాయకుడు లేక, అరగంట సమయం, కూర్చుని వినేవాళ్లు ఉంటే పోస్ట్-రాక్ ఎంచుకోండి.