జాకోబీ, గాస్-సైడెల్: ఏది త్వరగా చేరుతుంది?

జాకోబీ, గాస్-సైడెల్ రెండూ ఒక ఊహతో మొదలుపెట్టి, రౌండు రౌండుకీ దాన్ని సవరిస్తూ సమీకరణాల జవాబుకి దగ్గరయ్యే పద్ధతులు. `4x + y = 9`, `x + 3y = 5` తీసుకుందాం. జవాబు x = 2, y = 1. వికర్ణంలో ఉన్న 4, 3 పక్కవాటికన్నా పెద్దవి కాబట్టి రెండు పద్ధతులూ కచ్చితంగా కుదురుకుంటాయి, తేడా అంతా వేగంలోనే.

(0, 0) నుంచి మొదలుపెడితే జాకోబీ పాత విలువలతోనే రెండింటినీ లెక్కిస్తుంది: x = 2.25, y = 1.667. గాస్-సైడెల్‌లో మాత్రం x = 2.25 రాగానే దాన్నే రెండో సమీకరణంలో పెట్టేస్తాం, y = 0.917 వస్తుంది. జాకోబీకి ఈ y రెండో రౌండులో గానీ దొరకదు! ఇక్కడి నుంచి గాస్-సైడెల్‌లో ప్రతి రౌండుకీ తప్పు 12వ వంతుకి పడిపోతుంది, ఎందుకంటే (1/4)×(1/3) = 1/12; జాకోబీకి అదే తగ్గుదలకి రెండు రౌండ్లు కావాలి.

ఈ "రెట్టింపు వేగం" రెండు తెలియని రాశులకీ, మూడు వికర్ణాల మాత్రికలకీ నిజమే కానీ ప్రతి మాత్రికకీ కాదు, వికర్ణ ఆధిక్యం లేకపోతే జాకోబీ కుదిరి గాస్-సైడెల్ చెదిరిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి.

ఒకే ప్రాసెసర్ మీదైతే నేను గాస్-సైడెల్‌నే ఎంచుకుంటాను. వేల కోర్లు ఉంటే జాకోబీలో అన్ని రాశుల్నీ ఒకేసారి లెక్కించొచ్చు, రౌండ్లు ఎక్కువైనా గడియారం ప్రకారం అదే ముందుండొచ్చు.

జాకోబీ కోడ్‌లో పాత, కొత్త విలువలకి రెండు వేర్వేరు అర్రేలు పెట్టండి. ఒక్కదాంట్లోనే మార్చుకుంటూ పోతే అది గాస్-సైడెల్ అయిపోతుంది, జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి పోలిక తప్పిందని కూడా తెలీదు. మొదటి రౌండు y చూస్తే చాలు: 1.667 రావాలి, 0.917 కాదు.