టీడీఎస్ లెడ్జర్‌ని బిల్లువారీగా పెట్టి చాలా కాలం వాడాక: నెల్లూరు నుంచి ఒక అకౌంటెంట్ సమీక్ష

నెల్లూరు చుట్టుపక్కల సివిల్ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లకు నేను లెక్కలు రాస్తాను. వాళ్ల పనుల్లో ఎక్కువ భాగం ముత్తుకూరు వైపు ప్లాంట్లు, గోదాములు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో ఉంటుంది. డబ్బు ఇచ్చేది కంపెనీలు కాబట్టి ప్రతి బిల్లులో టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. ఏడాది చివర ఆ పట్టుకున్న పన్ను మన పేరు మీద ప్రభుత్వానికి చేరిందా లేదా అన్నదే అసలు టెన్షన్. దీనికి నేను వాడుతున్నది లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో బిల్లువారీగా పెట్టిన టీడీఎస్ లెడ్జరు. చాలా ఏళ్లు వాడాను కాబట్టి, ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో చెప్పగలను.

ముందు ఒక మాట. టాలీలో టీడీఎస్ అని ఉండే ఏర్పాటు పన్ను పట్టుకునే వాళ్ల కోసం. మనది పన్ను కోత పడే వైపు, కాబట్టి దాన్ని ఆన్ చేయాల్సిన అవసరం లేదు. `Loans & Advances (Asset)` కింద `TDS Receivable` అని ఒక మామూలు లెడ్జరు తెరిచి, అందులో `Maintain balances bill-by-bill` అన్న చోట `Yes` పెడితే చాలు. ఆ ఒక్క `Yes` లేకపోతే మిగిలేది ఒక మొత్తం అంకె మాత్రమే. ఆ అంకెలో ఏ కంపెనీది ఎంత, ఏ బిల్లుది ఎంత అన్నది జూన్‌లో కూర్చుని వెతుక్కోవాలి.

నా పద్ధతిలో టీడీఎస్‌ని రిసీట్ వోచర్‌లో కలపను. బ్యాంకులో పడిన డబ్బు రిసీట్‌లో, పన్ను విడిగా జర్నల్‌లో. కారణం తేదీ. బిల్లు తమ పుస్తకాల్లో జమ రాసిన రోజు, డబ్బిచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజు కంపెనీ పన్ను పట్టుకోవాలి. మార్చి నెలాఖరులో ఇచ్చిన బిల్లుకు డబ్బు మేలో వస్తుంది, కానీ వాళ్లు 31 మార్చికే పన్ను పట్టేసి ఉంటారు. డబ్బు వచ్చిన రోజు రాసుకునే వాళ్ల పుస్తకంలో అదే పన్ను తర్వాతి సంవత్సరంలో పడుతుంది. జర్నల్ విడిగా ఉంటే కంపెనీ బిల్లు ఆమోదించిన తేదీ వేసి రాసుకోవచ్చు.

```
F7 Journal
Dr  TDS Receivable    8,000   New Ref: B31-Q4
Cr  Plant             8,000   Agst Ref: B31
```

రెఫరెన్సులో బిల్లు నంబరుతో పాటు త్రైమాసికం కూడా పెడతాను. కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16ఏ వచ్చేది త్రైమాసికానికి ఒకటి చొప్పున కాబట్టి ఇది తర్వాత చాలా పని తగ్గిస్తుంది.

రెండో లెడ్జరు `TDS Verified`. మన పాన్ మీద జమైన పన్నును చూపించే ఫారం 26ఏఎస్‌లో వరుస కనిపించి, దాని ఎదురుగా స్టేటస్ `F`, అంటే జమ ఖాయమైందని, ఉండి, 16ఏ తో కూడా సరిపోయాకే ఆ మొత్తాన్ని `Agst Ref` ఇచ్చి మొదటి లెడ్జరు నుంచి దీనిలోకి మారుస్తాను. అప్పుడు మొదటి లెడ్జరు తాలూకు `Outstandings` తెరిస్తే ఇంకా తేలని బిల్లులు మాత్రమే కనిపిస్తాయి. మన ఆదాయపు పన్ను రిటర్నులో అడిగేది రెండో లెడ్జరు నిల్వ. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ బిల్లు గురించి అడగాలో పేజీ తెరవగానే తెలుస్తుంది.

ఇక ఒక పూర్తి కేసు చెబుతాను. అంకెలు 2024-25వి, కాబట్టి సెక్షన్ 194సి అనే అంటాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి, ఇక్కడ చెప్పేవన్నీ పాత నంబర్లే. లెక్క పద్ధతి మాత్రం అదే. కాంట్రాక్టరు భాగస్వామ్య సంస్థ కాబట్టి రేటు 2 శాతం. వ్యక్తి అయితే 1 శాతం. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే దాన్ని వదిలేసి పని విలువ మీదే పన్ను పట్టాలని 2017లో ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ సర్క్యులర్ ఇచ్చింది.

ఒక ప్లాంటుకు జనవరిలో ఇచ్చిన బిల్లు 31: పని విలువ 4,00,000, జీఎస్టీ 72,000. మార్చి మొదట్లో బిల్లు 34: విలువ 2,50,000, జీఎస్టీ 45,000. రెండింటిలోనూ విలువలో 5 శాతం రిటెన్షన్‌గా, అంటే తర్వాత విడుదల చేసే హామీ డబ్బుగా, ఆపుతారు, అంటే 20,000, 12,500. రిటెన్షన్‌కు నేను వేరే లెడ్జరు పెడతాను. టీడీఎస్ రూలు ప్రకారం 8,000, 5,000 రావాలి, మొత్తం 13,000. పుస్తకంలో అదే రాశాను.

మే 31తో కంపెనీలు వేసే నాలుగో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను గడువు ముగిశాక 26ఏఎస్ దించాను. ప్లాంటు పేరు మీద 14,190 ఉంది. తేడా 1,190.

రేటు 2 శాతం అయినప్పుడు తేడాని 50తో గుణిస్తే అది ఎంత మొత్తం మీద వచ్చిందో తెలుస్తుంది. వ్యక్తి పేరు మీద అయితే 100తో. 1,190ని గుణిస్తే 59,500 వచ్చింది. ఈ బిల్లుల్లో అలాంటి అంకె ఎక్కడా లేదు. మొత్తాల తేడా ఏమీ చెప్పనప్పుడు ఆగిపోకూడదు, అందులో రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండవచ్చు. అందుకే 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు పక్కన నొక్కి వరుసలు విప్పి చూడాలి.

మొదటి వరుసలో చెల్లింపు 4,72,000, పన్ను 9,440. రెండో వరుసలో 2,37,500, పన్ను 4,750. బిల్లు 31లో 1,440 ఎక్కువ. దాన్ని 50తో గుణిస్తే 72,000, అంటే జీఎస్టీ. వాళ్లు జీఎస్టీ మీద కూడా పట్టారు. బిల్లు 34లో 250 తక్కువ. 50తో గుణిస్తే 12,500, అంటే రిటెన్షన్. దాన్ని తీసేసి మిగిలిన దాని మీద పట్టారు. ఒకే కంపెనీలో రెండు బిల్లులు ఇద్దరు వేర్వేరు మనుషులు ఎక్కించినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇదే విషయాన్ని బ్యాంకు కూడా చెప్పింది. బిల్లు 31కి 4,44,000 రావాల్సిన చోట 4,42,560 వచ్చింది, బిల్లు 34కి 2,77,500 బదులు 2,77,750. పార్టీ లెడ్జర్‌లో 1,440 బాకీ, 250 ఎక్కువ జమ నిలిచి ఉన్నాయి. కాంట్రాక్టరు "ఏంది సార్, ఆ 1,440 మనకు తక్కువ ఇచ్చారా?" అని అడిగాడు. తక్కువ ఇవ్వలేదు, పన్నుగా కట్టారు. ప్లాంటుకు ఫోన్ చేసి పోట్లాడాల్సిన పని లేదు, మన పేరు మీద జమ అయింది కాబట్టి రిటర్నులో తిరిగి వస్తుంది. పుస్తకంలో ఉండాల్సింది నిజంగా పట్టుకున్న పన్ను, పట్టుకోవాల్సినది కాదు. కాబట్టి 1,440కి మరో జర్నల్, 250కి తిరగేసిన జర్నల్ రాశాను. లెడ్జరు 14,190కి వచ్చింది, పార్టీ ఖాతాలో ఆ రెండు చిన్న నిల్వలూ తీరిపోయాయి. రెండు చోట్లా తేడా ఒకేసారి పోతేనే సవరణ సరైనదని నాకు నమ్మకం.

ఇంకొకటి మిగులుతుంది. 26ఏఎస్‌లో చెల్లింపులు 7,09,500, మన పుస్తకంలో పని విలువ 6,50,000. పన్ను సరిపోయినా ఈ తేడా మీద తర్వాత ఎవరైనా అడగవచ్చు. జీఎస్టీ 72,000 కలపడం, రిటెన్షన్ 12,500 తీయడం, ఈ రెండు అంకెలు రాసిన ఒక కాగితాన్ని 16ఏ తో కలిపి ఫైల్లో పెట్టాను.

16ఏ గురించి కూడా చెప్పాలి. కొన్ని కంపెనీలు ఎక్సెల్‌లో తయారుచేసి ముద్ర కొట్టి పంపే కాగితం సర్టిఫికెట్ కాదు. ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్ నుంచి దించినదే 16ఏ, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. త్రైమాసిక రిటర్ను గడువు తర్వాత 15 రోజుల్లో ఇవ్వాలి, అంటే నాలుగో త్రైమాసికానిది జూన్ 15కి. నేను అందులో చూసేవి మూడు: పన్ను పట్టే కంపెనీకి ఉండే నంబరు టాన్, మన పాన్, చలాన్ వివరాలు. ముఖ్యంగా పాన్. మా వైపు చాలామంది మొదట సొంత పేరు మీద పని చేసి తర్వాత అన్నదమ్ములు కలిసి సంస్థ పెట్టుకుంటారు, కంపెనీ దగ్గర మాత్రం పాత పాన్ ఉండిపోతుంది. అప్పుడు సంస్థ 26ఏఎస్‌లో ఏమీ కనపడదు, పన్ను కూడా 2 బదులు 1 శాతమే పట్టి ఉంటారు. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి, వ్యక్తికి `P`, సంస్థకు `F`. దీన్ని మనం సరిచేయలేం, కంపెనీయే సవరణ రిటర్ను వేయాలి.

స్టేటస్ `U` అని ఉంటే చలాన్ జత కాలేదని. అలాంటి వరుసని రెండో లెడ్జర్‌లోకి మార్చను. పట్టుకున్న పన్నును మళ్లీ మన దగ్గర వసూలు చేయకూడదని పాత చట్టం సెక్షన్ 205 చెబుతుంది, కానీ పట్టుకున్నారని చూపడానికి బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, కంపెనీ ఇచ్చిన లెడ్జరు ధ్రువీకరణ మన దగ్గర ఉండాలి.

ఈ పద్ధతికి ఒక గట్టి పరిమితి ఉంది. మన ఆదాయం మార్చిలో చూపించి, కంపెనీ ఏప్రిల్‌లో జమ రాసి పన్ను పడితే అది తర్వాతి సంవత్సరం 26ఏఎస్‌లోకి వెళ్తుంది. లెడ్జరు ఆ తేడా చూపిస్తుంది గానీ తీర్చలేదు. ఆదాయం ముందే చూపించిన సంవత్సరానికి ఆ పన్నును తెచ్చుకోవడానికి పాత చట్టంలో 2023 అక్టోబరు నుంచి ఫారం 71 ఉంది, పన్ను పట్టుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండేళ్లలోపు వేయాలి. అది ఆడిటర్ చేతిలో పెట్టాల్సిన పని. నేను చేసేది ఆ రెఫరెన్సును మొదటి లెడ్జర్‌లోనే తెరిచి ఉంచడం.

ఏడాదికి రెండు మూడు బిల్లులు ఉన్నవాళ్లకు ఇదంతా అవసరం లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఒకే కంపెనీకి ఏడాది పొడవునా బిల్లులు ఇస్తూ రిటెన్షన్ కూడా ఉన్నవాళ్లకు మాత్రం వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. పై కేసులో రిటెన్షన్ 32,500 తర్వాతి సంవత్సరం విడుదలైంది. బిల్లు 31 మీద పన్ను పూర్తిగా పట్టేశారు, ఇక పట్టాల్సింది బిల్లు 34 తాలూకు 12,500 మీద 250 మాత్రమే. మొత్తం మీద పడితే 650 పోయేది. విడుదలకు ముందే ఆ రెండు బిల్లుల వరుసలు ప్రింటు తీసి ప్లాంటు అకౌంట్స్‌కి పంపాను. వాళ్లు 250 పట్టుకుని 32,250 వేశారు.